మీకు తెలుసా? ఫార్ములా చెల్లని రెండు ఎక్స్‌పోనెంట్లు

32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యను విప్పి చదవడం కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు అలవాటైన పనే. ఒక సైన్ బిట్, 8 ఎక్స్‌పోనెంట్ బిట్లు, 23 ఫ్రాక్షన్ బిట్లు. ఎక్స్‌పోనెంట్‌లోంచి 127 తీసేసి, ఫ్రాక్షన్ ముందు కనిపించని 1 చేర్చుకుంటే విలువ వచ్చేస్తుంది. ఎక్స్‌పోనెంట్ 1 నుంచి 254 దాకా ఉన్నంతవరకు ఈ లెక్కకు ఢోకా లేదు. 0 దగ్గరా, 255 దగ్గరా మాత్రం ఇది చెల్లదు. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లకు ఆ రెండు చోట్లంటే మహా ఇష్టం. ఎందుకో చూద్దాం.

తప్పు చేసినా చక్కని జవాబే వస్తుందని తెలుసా?

0x00400000 విలువెంత అని అడిగారనుకోండి. సైన్ 0, ఎక్స్‌పోనెంట్ 0, ఫ్రాక్షన్‌లో మొదటి బిట్ ఒక్కటే 1. మామూలు ఫార్ములా వేస్తే 1.5 × 2⁻¹²⁷ వస్తుంది. ఎక్స్‌పోనెంట్ సున్నా అయితే ముందున్న 1 ఉండదని గుర్తున్నవాళ్లు 0.5 × 2⁻¹²⁷, అంటే 2⁻¹²⁸ అంటారు. అదీ తప్పే. ఇక్కడ ఘాతం −127 కాదు, −126. కాబట్టి 0.5 × 2⁻¹²⁶, అంటే 2⁻¹²⁷ సరైన జవాబు. మూడూ చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి, నాలుగు ఆప్షన్లలో మూడు అక్కడే సిద్ధం. సగం తెలిసినవాణ్ణీ పూర్తిగా తెలిసినవాణ్ణీ ఒకే ప్రశ్నతో విడదీయవచ్చు.

−126 ఎందుకో తెలుసా?

మామూలు సంఖ్యల్లో అతి చిన్నది 2⁻¹²⁶. దానికి కిందున్నవే డీనార్మల్స్. వీటిలో పెద్దదానికి ఫ్రాక్షన్ అంతా 1లే. −126 వాడితే అది 2⁻¹²⁶కి సరిగ్గా ఒక్క మెట్టు కింద ఉంటుంది. −127 వాడి ఉంటే దాదాపు సగానికి పడిపోయి, మధ్యలో పెద్ద ఖాళీ మిగిలేది. ఇప్పుడు మెట్లన్నీ ఒకే ఎత్తులో 2⁻¹⁴⁹ దాకా, ఆ తర్వాత సున్నా దాకా దిగుతాయి. దీనికి మూల్యం ఉంది: కిందికి దిగేకొద్దీ ఖచ్చితత్వం తగ్గుతుంది. చిట్టచివరి సంఖ్యకు ఒకే ఒక్క బిట్ మిగులుతుంది.

డీనార్మల్స్ లేకపోతే రెండు వేర్వేరు సంఖ్యల తేడా సున్నా అవుతుందని తెలుసా?

x = 1.5 × 2⁻¹²⁶, y = 2⁻¹²⁶ అనుకోండి. రెండూ మామూలు సంఖ్యలే. తేడా 2⁻¹²⁷, పైన చూసిన 0x00400000 అదే. ఇప్పుడు ఈ కోడ్ చూడండి:

```c
if (x != y)
    z = 1.0f / (x - y);
```

డీనార్మల్స్ ఉంటే z = 2¹²⁷, నిక్షేపంలాంటి సంఖ్య. లేకపోతే తేడా సున్నాగా మారి, ముందుజాగ్రత్తగా `if` రాసుకున్నా సున్నాతో భాగహారం తప్పదు.

ఐఈఈఈ 754 ప్రమాణం 1985లో వెలువడకముందు దీని మీద పెద్ద వాదనే నడిచింది. విలియం కహాన్ డీనార్మల్స్ కావాలన్నారు, డీఈసీ కంపెనీ వద్దంది. డీఈసీ తానే నియమించుకున్న జి. డబ్ల్యూ. స్టూవర్ట్ అధ్యయనం చేసి కహాన్ వైపే మొగ్గారు! డీనార్మల్స్ లెక్కలను నెమ్మదింపజేస్తాయన్న ఫిర్యాదులో నిజం లేకపోలేదు. కొన్ని ప్రాసెసర్లలో వీటితో లెక్కలు బాగా ఆలస్యమవుతాయి. అందుకే వీటిని సున్నాగా తీసుకునే వెసులుబాటు చాలా చిప్‌లలో పెట్టారు.

ఇన్ఫినిటీతో సరైన జవాబు రావచ్చని తెలుసా?

ఎక్స్‌పోనెంట్ 255, ఫ్రాక్షన్ 0 అయితే అది ఇన్ఫినిటీ (0x7F800000). ఫార్ములాను నమ్ముకుంటే 2¹²⁸ అంటారు. ఇన్ఫినిటీ ఎలా పనికొస్తుందో చూడండి: సమాంతరంగా కలిపిన రెండు రెసిస్టర్ల విలువ 1/(1/R₁ + 1/R₂) కదా. R₁ సున్నా అయితే 1/R₁ ఇన్ఫినిటీ, కూడినా ఇన్ఫినిటీయే, తిరగేస్తే సున్నా. షార్ట్ సర్క్యూట్‌కి రావలసిన జవాబూ అదే.

తనకు తానే సమానం కానిది ఉందని తెలుసా?

ఎక్స్‌పోనెంట్ 255 ఉండి ఫ్రాక్షన్ సున్నా కాకపోతే అది NaN. 0/0, ఇన్ఫినిటీలోంచి ఇన్ఫినిటీ తీసివేత, సున్నాతో ఇన్ఫినిటీ గుణకారం దీన్నే ఇస్తాయి. దీన్ని దేనితో పోల్చినా `<`, `>`, `==` మూడూ అబద్ధమే, చివరికి తనతో పోల్చుకున్నా. అందుకే `x != x` నిజమైతే x ఒక NaN అని తేలిపోతుంది. పట్టికలో ఒక NaN దూరితే సార్టింగ్ అస్తవ్యస్తం కావడానికీ కారణం ఇదే. 32 బిట్లలో ఇన్ఫినిటీలు రెండే. NaN నమూనాలు మాత్రం 2²⁴ − 2, అంటే 1,67,77,214.

మూడు అంకెలు చూస్తే చాలని తెలుసా?

హెక్స్ విలువ 000–007తో గాని 800–807తో గాని మొదలైతే ఎక్స్‌పోనెంట్ 0. 7F8–7FF, FF8–FFF అయితే 255. పరీక్షలో కలం కదిపేముందు ఇది చూసుకోవడానికి రెండు క్షణాలు పట్టదు. 80000000 కనిపిస్తే అది మైనస్ సున్నా: మామూలు సున్నాతో `==` పెడితే సమానమే, కానీ 1.0ని దానితో భాగిస్తే మైనస్ ఇన్ఫినిటీ వస్తుంది.