సావనీర్‌లో స్పాన్సర్ల వరస

కాలేజీ ఫెస్ట్ సావనీర్ చేతికి రాగానే స్పాన్సర్ ముందు తన ప్రకటన వెతుక్కుంటాడు. ఆ వెంటనే పక్కవాడిది ఎంత ఉందో చూస్తాడు. గొడవలు చాలావరకు ఈ రెండో చూపులోనే పుడతాయి. ఐదు వేలిచ్చిన మెడికల్ షాపు యజమాని తన పేరు చిన్నగా ఉందని పెద్దగా బాధపడడు. అంతే ఇచ్చిన ఎదుటి షాపు పేరు పెద్దగా కనిపిస్తే మాత్రం మరుసటి ఏడాది విద్యార్థులకు కుర్చీ కూడా చూపించడు.

అందుకే శ్రేణులను డబ్బు వసూలయ్యాక కాకుండా ముందే, పుస్తకంలో ఉన్న చోటును బట్టి ఖాయం చేయాలి. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకంలో పేజీలు నాలుగేసి చొప్పున పెరుగుతాయి: 12, 16, 20. వాటిలో అందరూ కోరుకునే చోట్లు కొన్నే. వెనుక అట్ట ఒక్కటే, అట్టల లోపలి వైపులు రెండే. వెనుక అట్ట ఇస్తామని ఇద్దరికి మాటిచ్చాక దిద్దుకునే దారి ఉండదు.

అట్టతో కలిపి 16 పేజీల పుస్తకం వేస్తున్నారనుకుంటే లెక్క ఇలా కుదురుతుంది. లక్ష రూపాయలిచ్చే ఒక్కరికి వెనుక అట్ట. 40 వేలిచ్చే ఇద్దరికి అట్టల లోపలి వైపులు. 15 వేలిచ్చే నలుగురికి తలా అరపేజీ, అంటే రెండు పేజీలు. ఐదు వేలిచ్చే ఐదుగురి పేర్లు ఒకే పేజీలో. మొత్తం 2,65,000 రూపాయలకు ఆరు పేజీలు పోయాయి. ముందు అట్టతో కలిపి పది పేజీలు కాలేజీకి మిగిలాయి. 40 వేలతో మూడోవారు వస్తే ఏ పేజీ ఇవ్వాలో కూడా ముందే రాసిపెట్టుకోవాలి. అట్ట తిప్పగానే కుడివైపు కనిపించే మూడో పేజీ అందుకు సరిపోతుంది.

చిక్కంతా మధ్యలో వచ్చేవారితోనే. ఒకాయన 12 వేలిచ్చి అరపేజీ అడుగుతాడు. మొహమాటానికి పోయి ఇస్తే, 15 వేలిచ్చిన నలుగురూ మోసపోయినట్టే. ఆ మాట ఊళ్లో దాగదు. మరో మూడు వేలు కలిపితే అరపేజీ, లేకుంటే పేర్ల పేజీ అని చెక్కు తీసుకునే ముందే చెప్పాలి. ఇలాంటివారు ముగ్గురు నలుగురు తగిలితే తప్పు వాళ్లది కాదు. ఐదు వేలకూ 15 వేలకూ మధ్య దూరం ఎక్కువైందని అర్థం. వచ్చే ఏడాది పట్టికలో పది వేలకు పావు పేజీ పెట్టడం మేలు.

డబ్బుకు బదులు సరుకో సేవో ఇచ్చేవారిని రాయితీ మేరకే లెక్కించాలి. ఫ్లెక్సీలకు మామూలుగా 30 వేలయ్యే చోట ప్రింటింగ్ ప్రెస్ 22 వేలే తీసుకుంటే, ఆ ప్రెస్ ఇచ్చింది ఎనిమిది వేలు. టెంట్‌హౌస్ షామియానా పూర్తి ఉచితంగా వేస్తే, అదే పనికి మరో టెంట్‌హౌస్ రాసిచ్చే కొటేషన్ కొలమానం అవుతుంది.

ఒకే శ్రేణిలో లోగోలను వెడల్పు చూసి సమానం చేయడం తరచూ జరిగే పొరపాటు. ఐదు సెంటీమీటర్ల వెడల్పు ఇస్తే చదరపు లోగోకు 25 చదరపు సెంటీమీటర్లు దక్కుతాయి. అదే వెడల్పులో ఎత్తు సెంటీమీటరున్నర ఉండే పొడుగాటి లోగోకు ఏడున్నరే. వైశాల్యం సమానం చేయాలి: చదరపు దానికి నాలుగు ఇంటూ నాలుగు ఇస్తే, పొడుగుదానికి ఏడు ఇంటూ రెండుకు కాస్త పైన. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన లోగో ఫోన్‌లో బాగానే కనిపించినా అచ్చులో మసకబారుతుంది. అందుకని పీడీఎఫ్ గానీ కోరెల్‌డ్రా ఫైలు గానీ అడగాలి.

పేర్ల పేజీకి అకారాది క్రమం అన్నిటికంటే తగాదా లేనిది. అయితే మన ఊళ్లలో సగం షాపుల పేర్లు ‘శ్రీ’తోనే మొదలవుతాయి కాబట్టి, శ్రీని లెక్కలోకి తీసుకోకుండా తర్వాతి అక్షరంతో వరస పెట్టాలి. ‘పేర్లు అకారాది క్రమంలో’ అని పేజీ అడుగున ఒక్క ముక్క వేస్తే ఎవరు ముందన్న ప్రశ్నకు అక్కడే జవాబు దొరుకుతుంది. ఒకే వ్యాపారంలో పోటీపడే రెండు కోచింగ్ సెంటర్లను మాత్రం ఎదురెదురు పేజీల్లో వేయకూడదు.

అచ్చుకు ముందు ఎవరి పేజీ వారికి పంపి, ‘సరే’ అని రాతలో తీసుకోవాలి. ముఖ్యంగా ఫోన్ నంబరు. పేరులో దీర్ఘం పోతే ఎవరైనా సర్దుకుంటారు గానీ, నంబరులో ఒక అంకె మారితే ఆ ప్రకటన ఎందుకూ పనికిరాదు. అచ్చయ్యాక తప్పు బయటపడితే సరైన నంబరున్న చిన్న స్టిక్కర్ ప్రతి కాపీలోనూ అంటించాలి. ఆ ఖర్చు ఎవరిదన్నది ‘సరే’ అన్న ఆ రాతను బట్టే తేలుతుంది.