బండి వ్యాపారానికి ఏది మేలు: నోటా, స్కానరా, కార్డా?

2025 జులైలో బెంగళూరులో చాలా చిన్న దుకాణాల దగ్గర, బండ్ల మీద ‘యూపీఐ లేదు, నగదు మాత్రమే’ అన్న కాగితాలు వెలిశాయి. కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ జమల లెక్కలు తెప్పించుకుని చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపడమే అందుకు కారణం. హావేరిలో కూరగాయలు అమ్ముకునే ఒకాయనకు నాలుగేళ్లలో 1.63 కోట్ల రూపాయలు జమయ్యాయంటూ, సుమారు 29 లక్షలు కట్టమని నోటీసు వచ్చింది. నిజానికి తాజా కూరగాయల మీద జీఎస్టీయే లేదు. గొడవ పెద్దదయ్యాక, పాత బకాయిలు వసూలు చేయబోమని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది.

స్కానర్ తీసేసిన ఆ వ్యాపారులు భయపడింది ఛార్జీలకు కాదు, లెక్కకు. బండి మీద డబ్బు ఎలా తీసుకోవాలన్న ప్రశ్నలో అసలు ముడి కూడా అక్కడే ఉంది. ఒక టిఫిన్ బండిని ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

హైదరాబాద్‌లో ఐటీ ఆఫీసుల దగ్గర బండి అనుకుందాం. ప్లేటు ఇడ్లీ, దోసె కలిపి రోజుకు 6,000 రూపాయల అమ్మకం. అందులో 5,400 యూపీఐలో, 600 నోట్లలో వస్తాయి. నెలకు 26 రోజులు బండి పెడితే యూపీఐ జమ 1,40,400.

ముందు ఛార్జీలు చూద్దాం. 2020 జనవరి 1 నుంచి యూపీఐ మీద, రూపే డెబిట్ కార్డు మీద వ్యాపారి దగ్గర ఎండీఆర్ అనే రుసుము తీసుకోకూడదు. కస్టమర్ బ్యాంకు ఖాతా నుంచి 40 రూపాయలు పంపితే వ్యాపారికి 40 రూపాయలూ వస్తాయి. ఖర్చల్లా సౌండ్ బాక్స్ అద్దె. కంపెనీని బట్టి అది నెలకు నూరు రూపాయలకు అటూ ఇటూగా ఉంటుంది. నూరే అనుకుంటే మన బండికి ప్రతి వంద రూపాయల జమ మీద పడేది ఏడు పైసలు.

ఇదే మొత్తం కార్డుల మీద వస్తే లెక్క మారిపోతుంది. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం ఉన్నవారి దగ్గర స్వైపింగ్ మిషన్ మీద డెబిట్ కార్డుకు 0.40 శాతానికి మించి తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం. ఆ లెక్కన నెలకు 562 రూపాయలు. క్రెడిట్ కార్డుకు అలాంటి హద్దు లేదు. 2 శాతం అనుకుంటే 2,808 రూపాయలు పోతాయి. మిషన్ అద్దె దీనికి అదనం. పైగా నలభై రూపాయల ప్లేటుకు కార్డు పెట్టి, స్లిప్పు వచ్చేదాకా నిలబడితే వెనక వరుస పెరుగుతుంది. బట్టలు, బ్యాగులు వంటి వేల రూపాయల సరుకు అమ్మేవారికి కార్డు మిషన్ అక్కరకు రావచ్చు. టిఫిన్, టీ, పండ్ల బండికి అది దండగే.

నోటుకు రుసుము లేదు గానీ శ్రమ ఉంది. పొద్దున్నే చిల్లర వెతుక్కోవాలి. చినిగిన నోటు అంటగట్టేవారితో వాదన తప్పదు. రద్దీలో ఐదు వందల నోటుకు చిల్లర తప్పు ఇస్తే రాత్రి గల్లాపెట్టె లెక్కపెట్టినా తేడా ఎక్కడో దొరకదు. అయినా నగదును పూర్తిగా వదిలేయడానికి వీల్లేదు. సిగ్నల్ పోయినా, బ్యాంకు సర్వర్ మొరాయించినా బండి ఆగకూడదు. కొందరు ముసలివాళ్లు, కూలీలు ఇప్పటికీ నోట్లే ఇస్తారు. తెల్లవారుజామున మార్కెట్‌లో కొబ్బరికాయలకు, కూరగాయలకు చేతిలో డబ్బు కావాలి. వ్యాపారి క్యూఆర్‌లో పడిన డబ్బు కొన్ని కంపెనీల దగ్గర వెంటనే కాకుండా మర్నాడు ఖాతాకు చేరుతుంది. స్కానర్ తీసుకునే ముందే ఆ సంగతి అడిగి తెలుసుకోవాలి.

యూపీఐలో మోసం ఎక్కువగా రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, డబ్బు పంపినట్టు నకిలీ స్క్రీన్ చూపించడం. సౌండ్ బాక్స్ పలికితేనే, లేదా మన ఫోన్‌లో జమ కనిపిస్తేనే ప్లేటు ఇవ్వాలి. రెండోది, రాత్రికి రాత్రి మన క్యూఆర్ మీద మరొకరి క్యూఆర్ అంటించడం. రోజూ బండి తీయగానే మన ఫోన్‌తో స్కాన్ చేసి, మన పేరే వస్తోందా చూసుకుంటే చాలు. డబ్బు పుచ్చుకోవడానికి పిన్ నంబర్ ఎప్పుడూ అవసరం లేదు. ఎవరైనా పిన్ కొట్టమన్నారంటే అది మోసమే.

ఇప్పుడు లెక్క దగ్గరికి వద్దాం. మన బండికి ఏడాదిలో యూపీఐ జమ 16,84,800, నగదు కలిపితే మొత్తం అమ్మకం 18,72,000. టిఫిన్ బండి జీఎస్టీ దృష్టిలో సేవ కిందికి వస్తుంది కాబట్టి 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అంటే ఈయన హద్దు లోపలే ఉన్నాడు. కానీ అదే ఏడాది ఎత్తుకున్న చిట్టీ డబ్బు రెండు లక్షలు, బావమరిది తిరిగిచ్చిన చేబదులు లక్షన్నర ఇదే స్కానర్ ఖాతాలో పడ్డాయనుకోండి. జమ 20,34,800 అవుతుంది. బయటినుంచి చూసేవారికి ఇది హద్దు దాటిన వ్యాపారం. బ్యాంకు కాగితం మీద ఏది ఇడ్లీ డబ్బు, ఏది చిట్టీ డబ్బు అని రాసి ఉండదు.

అందుకే వ్యాపారానికి ఒక ఖాతా, ఇంటికి మరో ఖాతా ఉండాలి. స్కానర్ వ్యాపార ఖాతాకే ఉండాలి. వారానికోసారి మిగులును ఇంటి ఖాతాకు మార్చుకుంటే ఇంకో రక్షణ కూడా దొరుకుతుంది. సైబర్ నేరగాడి డబ్బు ఎవరి ద్వారానో మన ఖాతాలో పడితే పోలీసుల సూచనపై బ్యాంకు ఆ ఖాతాను స్తంభింపజేయవచ్చు. అప్పుడు పొదుపంతా అందులో ఇరుక్కోదు.

యూపీఐ రాబడిని చూపిస్తుంది, పెట్టుబడిని చూపించదు. మినపప్పు, బియ్యం, గ్యాస్, కూలీకి పోయింది నోటుబుక్‌లోనే ఉండాలి. రోజూ నాలుగు అంకెలు రాస్తే సరిపోతుంది: యూపీఐ అమ్మకం, నగదు అమ్మకం, సరుకు ఖర్చు, ఇతర ఖర్చు. సరుకు బిల్లులు ఒక కవరులో దాచాలి.

హద్దులు వ్యాపారాన్ని బట్టి మారతాయి. సరుకు మాత్రమే అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. తాజా కూరగాయలు, పండ్ల వంటి పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవారికి ఎంత అమ్మినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. టిఫిన్ బండి 20 లక్షలు దాటితే కాంపొజిషన్ పథకంలో చేరి అమ్మకం మీద 5 శాతం కట్టవచ్చు. నగదు అమ్మకం కూడా ఈ హద్దులో కలుస్తుంది. కాబట్టి స్కానర్ తీసేసినంత మాత్రాన పన్ను బాధ్యత తీరదు.

పైగా స్కానర్ తీసేస్తే పోయేది కూడా ఉంది. పీఎం స్వనిధి కింద వీధి వ్యాపారులకు పూచీ లేకుండా 15,000, సకాలంలో కడితే 25,000, ఆపైన 50,000 రూపాయల అప్పు ఇస్తారు. డిజిటల్ చెల్లింపులకు క్యాష్‌బ్యాక్ కూడా ఉంది. వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్లకుండా బ్యాంకులో పెద్ద అప్పు అడగాలన్నా చూపించడానికి ఉండేది ఆ ఖాతా కాగితమే.

టిఫిన్, టీ, పండ్ల బండికి యూపీఐ ప్రధానంగా, నగదు తోడుగా ఉండాలి, కార్డు మిషన్ అక్కర్లేదు. స్కానర్ ఇప్పటికే ఉన్నవారు ఈ వారమే వ్యాపారానికి వేరే ఖాతా తెరవండి, ఒక నోటుబుక్ కొనండి. లెక్క చేతిలో ఉన్న వ్యాపారి నోటీసు వచ్చినా జవాబు చెప్పుకోగలడు.