తప్పు చెప్పని కొలత

ఒకే ఒక ఫోటాన్ వస్తుంది. దాని ధ్రువణం, అంటే కాంతిలోని విద్యుత్ క్షేత్రం ఊగే దిశ, నిట్టనిలువు గీతకు 30 డిగ్రీలు కుడికి గానీ 30 డిగ్రీలు ఎడమకు గానీ వంగి ఉంటుంది. పంపినవాళ్లు రెండింటిలో ఏదో ఒకదాన్ని సమాన అవకాశంతో ఎంచుకున్నారు. కొలవడానికి ఒక్కసారే వీలు, ఎందుకంటే కొలతతో ఫోటాన్ పాత స్థితి పోతుంది. వచ్చింది కుడిదా ఎడమదా? జవాబు చెబితే అది ఎప్పటికీ తప్పు కాకూడదు. ఇదీ సమస్య.

ధ్రువణం ఒక క్యూబిట్. రెండు దిశల మధ్య 90 డిగ్రీలుంటే ఇబ్బందే లేదు. ధ్రువణాన్ని బట్టి కాంతిని రెండు దారుల్లోకి పంపే బీమ్ స్ప్లిటర్‌ను వాటికి సరిపడా తిప్పిపెడితే ఒకటి అటు, మరొకటి ఇటు వెళ్తుంది. కానీ ఇక్కడున్నది 60 డిగ్రీలే. ఇంటర్ ఫిజిక్స్‌లో వచ్చే మాలస్ నియమాన్నే ఒక్క ఫోటాన్‌కు వర్తింపజేస్తే, తన దిశకు θ కోణంలో ఉన్న పరికరాన్ని అది దాటే సంభావ్యత cos²θ. అందుకే లంబంగా లేని రెండు స్థితులను ఏ పరికరమూ ప్రతిసారీ తప్పు లేకుండా వేరు చేయలేదు. వాటి పోలికను s అనే సంఖ్యతో కొలుస్తారు. మన ఉదాహరణలో s = cos 60° = 1/2.

ప్రతిసారీ ఏదో ఒక జవాబు చెప్పి తీరాలంటే, ఎంత మంచి పరికరమైనా సుమారు 6.7 శాతం సార్లు తప్పు చెబుతుంది. హెల్‌స్ట్రామ్ లెక్కగట్టిన హద్దు ఇది. తప్పే కూడదంటే, కొన్నిసార్లు ‘తెలియదు’ అనే వీలు పరికరానికి ఇవ్వాలి.

మామూలు బీమ్ స్ప్లిటర్‌తోనూ ఈ పని కొంతవరకు జరుగుతుంది. దాన్ని ఎడమ దిశకు సరిపెట్టామనుకుందాం. ఎడమ ఫోటాన్ దానికి లంబమైన దారిలోకి ఎన్నడూ వెళ్లదు. కాబట్టి ఆ దారిలోని డిటెక్టర్ మోగితే వచ్చింది కచ్చితంగా కుడిదే. కుడి ఫోటాన్ అక్కడికి వెళ్లే సంభావ్యత sin²60°, అంటే 3/4. రెండో దారి మోగితే మాత్రం ఏమీ చెప్పలేం. ఎడమదాన్ని పట్టుకోవాలంటే స్ప్లిటర్‌ను మరో దిశకు తిప్పాలి. ప్రతి ఫోటాన్‌కూ బొమ్మాబొరుసు వేసి ఏ దిశకు తిప్పాలో తేల్చుకుంటే గెలుపు సంభావ్యత సగం రెట్లు 3/4, అంటే 3/8. వెయ్యి ఫోటాన్లలో సగటున 375.

ఇంతకంటే మెరుగైన దారి ఉంది. అదే సాధారణీకృత కొలత. క్యూబిట్ మీద మామూలు కొలతకు రెండే ఫలితాలు, అవి ఒకదానికొకటి లంబ దిశలు. సాధారణీకృత కొలతకు ఎన్ని ఫలితాలైనా ఉండొచ్చు, అవి లంబంగా ఉండక్కర్లేదు. షరతులు రెండే: ఏ ఫలితానికీ సంభావ్యత సున్నా కంటే తగ్గకూడదు, అన్నీ కలిపితే, ఏ స్థితికైనా సరిగ్గా 1 రావాలి.

మనకు కావలసిన ఫలితాలు మూడు: ‘కుడి’, ‘ఎడమ’, ‘తెలియదు’. ఎడమ ఫోటాన్‌కు ‘కుడి’ అనే ఫలితం ఎన్నడూ రాకూడదు. అందుకని ఆ ఫలితం ఎడమకు లంబమైన దిశలోనే ఉండాలి. క్యూబిట్‌లో అలాంటి దిశ ఒక్కటే. మనం ఎంచుకోగలిగేది దాని బరువు a ఒక్కటే. ‘ఎడమ’ ఫలితానికీ అంతే. రెండు స్థితులూ సమాన అవకాశంతో వస్తున్నాయి, అమరికలో కుడీ ఎడమా అద్దంలో ప్రతిబింబాల్లా ఉన్నాయి కాబట్టి రెండు బరువులూ సమానమే అనుకోవచ్చు. అప్పుడు గెలుపు సంభావ్యత ఇది:

P = a × sin²60° = a(1 − s²)

ఇక a ఎంతవరకు పెరగగలదు? ‘తెలియదు’కు మిగిలేది రుణాత్మకం కానంత వరకు. మన రెండు ఫలిత దిశలూ అడ్డగీతకు అటూ ఇటూ 30 డిగ్రీల్లో ఉంటాయి. కాబట్టి ఆ రెండింటికీ బాగా చిక్కేది అడ్డంగా ఊగే ఫోటాన్. దానికి ఆ రెండు ఫలితాల సంభావ్యతల మొత్తం 2a cos²30° = 1.5a. ఏ కోణానికైనా రాస్తే ఇది a(1 + s). ఇది 1 దాటకూడదు. అంటే a గరిష్ఠ విలువ 1/(1 + s), మన ఉదాహరణలో 2/3. దాన్ని పై సూత్రంలో పెడితే:

P = (1 − s²)/(1 + s) = 1 − s

లెక్క ఇంతే. 60 డిగ్రీలకు P = 1/2. వెయ్యి ఫోటాన్లలో 375కు బదులు 500, ఒక్క తప్పూ లేకుండా. ‘తెలియదు’ వచ్చే సంభావ్యత సరిగ్గా s. అంటే రెండు స్థితుల మధ్య ఎంత పోలిక ఉంటే అంత మౌనం తప్పదు. 1987లో ఇవానోవిచ్ ఈ ప్రశ్న ఎత్తగా, 1988లో డీక్స్, పెరెస్ ఈ హద్దును తేల్చారు. ముగ్గురి పేర్లతోనే దీన్ని పిలుస్తారు.

బల్ల మీద దీన్ని కట్టడం ఇలా. ముందు ఒక స్ప్లిటర్ ఫోటాన్‌ను నిలువు, అడ్డ భాగాలుగా రెండు దారుల్లోకి విడదీస్తుంది. మన రెండు స్థితుల్లోనూ నిలువు భాగం ఒకేలా, ఎక్కువగా ఉంటుంది. వాటిని ఒకదానిలా మరొకటి కనిపించేలా చేసేది అదే. అందుకని నిలువు దారిలో మూడింట ఒక వంతు తీవ్రతనే ముందుకు వదిలి, మిగతాది ‘తెలియదు’ డిటెక్టర్‌కు మళ్లిస్తారు. ఇప్పుడు రెండు భాగాలూ సమానం. మళ్లీ కలిపితే 30 డిగ్రీల వంపులు 45 డిగ్రీలవుతాయి. వాటి మధ్య 90 డిగ్రీలు వచ్చేశాయి కాబట్టి చివరి స్ప్లిటర్ వాటిని పూర్తిగా వేరు చేస్తుంది. ఇందులో అదనంగా వాడుకున్నది రెండో దారిని. ఏ సాధారణీకృత కొలతనైనా ఇలా అదనపు చోటు కల్పించి మామూలు కొలతగా మార్చుకోవచ్చునని నైమార్క్ సిద్ధాంతం చెబుతుంది.

నిజమైన పరికరంలో తప్పులు దొర్లుతాయి. వాటిని కనిపెట్టడానికి కుడి ఫోటాన్లనే పంపి, ‘ఎడమ’ డిటెక్టర్ ఎన్నిసార్లు మోగిందో చూడాలి. అక్కడ సున్నా రావాలి. కాంతిని పూర్తిగా ఆపేసినా అదే వేగంతో మోగుతుంటే, అది డిటెక్టర్ చీకట్లోనే చేసే మోత. కాంతితో పాటు పెరుగుతుంటే, రెండు దారుల పొడవుల తేడా జరిగి ఉండాలి, లేదా నిలువు దారిలో వదిలే వంతు తప్పి ఉండాలి, లేదా స్ప్లిటర్ సరిగా వేరు చేయలేకపోతూ ఉండాలి.

పంపే అవకాశాలు సమానం కాకపోతే సూత్రం మారుతుంది. జేగర్, షిమోనీ 1995లో దాన్ని సాధించారు. మన ఉదాహరణలో కుడిదే 80 శాతానికి మించి వస్తుంటే, ఎడమను పట్టుకునే ప్రయత్నం మానేసి, మొదట చెప్పుకున్న మామూలు స్ప్లిటర్‌ను ఒకే దిశలో ఉంచడమే ఉత్తమం.

1 − s అనే ఈ సంఖ్యకు రహస్య సమాచార రంగంలో నేరుగా పని ఉంది. 1992లో బెన్నెట్ ప్రతిపాదించిన బి92 పద్ధతి లంబంగా లేని రెండు స్థితులతోనే రహస్య తాళాన్ని పంపుతుంది. మధ్యలో దొంగ ఈ కొలతే చేసి, తెలిసిన ఫోటాన్లను మాత్రం మళ్లీ తయారుచేసి ముందుకు పంపి, తెలియనివాటిని దారిలో పోయినట్టు వదిలేయగలడు. 60 డిగ్రీల స్థితులు వాడితే, దారిలో సగం ఫోటాన్లు మామూలుగానే పోయేచోట ఈ దొంగతనం ఏ జాడా మిగల్చదు. కిలోమీటరుకు 0.2 డెసిబెల్ నష్టపోయే మంచి ఫైబర్‌లో సగం పోవడానికి 15 కిలోమీటర్లు చాలు. అందుకే బెన్నెట్ తన పద్ధతిలో ప్రతి సంకేతంతో పాటు ఒక బలమైన కాంతి స్పందనను కూడా పంపమన్నాడు. అది ప్రతిసారీ చేరి తీరాలి కాబట్టి, ‘తెలియదు’ వచ్చిన చోట దొంగ నిశ్శబ్దంగా తప్పుకోలేడు.