ఫ్రిజ్‌లో పెట్టిన బ్లడ్ శాంపిల్‌లో పొటాషియం ఎందుకు పెరుగుతుంది? కణాల్లో ఆగకుండా నడిచే పంపు సంగతి ఇదీ..

సాయంత్రం రక్తం తీశారు. వెంటనే ల్యాబ్‌కు పంపడం కుదరక ట్యూబ్‌ను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచారు. పొద్దున టెస్ట్ చేస్తే పొటాషియం 6.8 వచ్చిందనుకుందాం. మామూలుగా ఉండాల్సింది లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్యే. ఆ లెక్కన పేషెంట్ గుండె లయ తప్పే ప్రమాదంలో ఉన్నట్టే. కానీ ఆయన ఇంట్లో హాయిగా టిఫిన్ చేస్తున్నారు! మళ్లీ రక్తం తీసి వెంటనే పరీక్షిస్తే 4.3 మాత్రమే ఉంది. మరి ఆ ఎక్స్‌ట్రా పొటాషియం ఎక్కడిది? ట్యూబ్‌లోని రక్తకణాల నుంచే వచ్చింది. ఎందుకంటే చలికి వాటి పంపు ఆగిపోయింది.

3 బయటకు.. 2 లోపలికి

మన కణాల లోపల పొటాషియం లీటరుకు సుమారు 140 మిల్లీమోల్స్ ఉంటుంది. బయట 4 మాత్రమే. సోడియం దీనికి రివర్స్.. బయట 140 ఉంటే, లోపల 10 నుంచి 15 దాకానే. ఈ తేడాను నిలబెట్టేది కణ పొరలో ఉండే ఓ ప్రొటీన్. దాని పేరే సోడియం పొటాషియం పంపు.

ఇది పని చేసే తీరు చూద్దాం. మొదట పంపు నోరు కణం లోపలి వైపు తెరుచుకుని ఉంటుంది. 3 సోడియం అయాన్లు వచ్చి అందులో కూర్చుంటాయి. అప్పుడు కణం ఇంధనమైన ఏటీపీ నుంచి ఓ ఫాస్ఫేట్ ముక్క విడిపోయి పంపుకు అతుక్కుంటుంది. దాంతో పంపు ఆకారం మారి, నోరు బయటి వైపు తిరుగుతుంది. సోడియం బయటకు పోతుంది. ఖాళీ అయిన చోట 2 పొటాషియం అయాన్లు చేరతాయి. ఫాస్ఫేట్ ఊడిపోగానే పంపు మళ్లీ లోపలికి తిరిగి పొటాషియంను వదిలేస్తుంది. ఒక్కో రౌండ్‌కు ఒక ఏటీపీ ఖర్చు. 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ పీతల కాళ్ల నరాల్లో ఈ ప్రొటీన్ పనిని గుర్తించారు. అందుకు 1997లో ఆయనకు కెమిస్ట్రీ నోబెల్ దక్కింది.

ఇంత ఖర్చు ఎందుకు?

ఒకసారి నింపేసి ఊరుకుంటే సరిపోదా? సరిపోదు. కణ పొరకు సందులున్నాయి. సోడియం లోపలికి, పొటాషియం బయటకు కారుతూనే ఉంటాయి. అడుగున చిల్లు ఉన్న డ్రమ్ములో నీటి మట్టం తగ్గకూడదంటే మోటారు నడుస్తూనే ఉండాలి కదా.. ఇదీ అంతే. అందుకే మనం ఊరికే కూర్చున్నా శరీరం వాడే శక్తిలో దాదాపు ఐదో వంతు ఈ పంపుకే పోతుంది. మెదడులో అయితే సగం దాకా. అక్కడ నరాల్లో సిగ్నల్ వెళ్లిన ప్రతిసారీ కొంత సోడియం కావాలనే లోపలికి వస్తుంది. దాన్ని మళ్లీ బయటకు తోడాలి.

పంపు ఆగితే ఇంకో చిక్కు కూడా ఉంది. సోడియం లోపల పేరుకుంటే దాని వెంట నీరు వస్తుంది, కణం ఉబ్బుతుంది. స్ట్రోక్‌లో రక్తం అందని మెదడు కణాలు మొదట వాచేది ఇందుకే.

ఫ్రిజ్‌లో జరిగింది ఇదే

4 డిగ్రీల చలిలో పంపు దాదాపు ఆగిపోతుంది. కారడం మాత్రం పూర్తిగా ఆగదు. కణాల్లోని పొటాషియం గంట గంటకూ బయటి ద్రవంలోకి చేరుతుంది. ఇక్కడో తిరకాసు ఉంది. రక్తకణాలు పగిలి పొటాషియం పెరిగితే సీరం ఎర్రగా మారి ల్యాబ్‌లో తెలిసిపోతుంది. ఇక్కడ కణాలు పగలవు కాబట్టి సీరం మామూలుగానే కనిపిస్తుంది. అనుమానమే రాదు. అందుకే పొటాషియం టెస్ట్ కోసం తీసిన రక్తాన్ని ఫ్రిజ్‌లో పెట్టే ముందే సీరం వేరు చేయాలి.

బ్లడ్ బ్యాంక్ సంచుల్లోనూ ఇదే జరుగుతుంది. వారాలు గడిచేకొద్దీ సంచిలోని ద్రవంలో పొటాషియం పెరుగుతుంది. ఒకటి రెండు యూనిట్లు నెమ్మదిగా ఎక్కిస్తే పెద్దవాళ్లకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఒంటి వేడికి పంపు మళ్లీ మొదలై, కణాలు పొటాషియంను లోపలికి లాక్కుంటాయి. కానీ నవజాత శిశువులకు ఎక్కువ రక్తం వేగంగా ఎక్కించాల్సి వస్తే, తాజా రక్తమో, ద్రవం కడిగేసిన కణాలో వాడేది అందుకే.

అలాగని రిపోర్టులో పొటాషియం ఎక్కువ వస్తే శాంపిల్ తప్పని మనమే తేల్చేయకూడదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో అది నిజంగానే పెరుగుతుంది. వెంటనే డాక్టర్‌ను కలవాలి. ఈసీజీ, తాజా రక్తంతో మరో టెస్ట్.. ఈ రెండూ చూశాకే అసలు విషయం తేలుతుంది.