పిల్లి బొచ్చు: రాలిందా, నాకి తెంపుకుందా?

చలి తగ్గి ఎండలు మొదలయ్యేసరికి పిల్లి ఉన్న ఇంట్లో సోఫా మీద, దుప్పట్ల మీద, ఉతికి ఆరేసిన బట్టల మీద కూడా బొచ్చే కనిపిస్తుంది. దువ్వెన పెడితే గుప్పెడు ఊడి వస్తుంది. ఇంత రాలినా మామూలుగా కంగారు పడనక్కర్లేదు. చలికాలం కోసం చర్మానికి దగ్గరగా పెరిగిన మెత్తటి నూగు పని తీరి ఊడిపోతోందన్నమాట.

ఈ మార్పును నడిపించేది ప్రధానంగా పగటి నిడివి. లండన్‌లో డిసెంబరు పగలు సుమారు 8 గంటలు, జూన్ పగలు 16 గంటల పైన. అక్కడ బయట తిరిగే పిల్లులు వసంతంలో ఒకసారి బాగా, శరదృతువులో మరోసారి కొంత తక్కువగా బొచ్చు మారుస్తాయి. హైదరాబాద్‌లో ఈ తేడా సుమారు రెండు గంటలే. పైగా ఇంట్లో పెరిగే పిల్లికి రాత్రి పొద్దుపోయేదాకా లైట్ల వెలుగే. అందుకే మన ఇళ్లలో చాలా పిల్లులకు ఏడాది పొడుగునా కొంత రాలుతూనే ఉంటుంది. కాబట్టి ఏ నెలలో రాలుతోందన్నదాని కంటే ఎలా రాలుతోందన్నదే ముఖ్యం.

సహజంగా రాలితే ఒళ్లంతా సమానంగా పలచబడుతుంది, ఎక్కడా చర్మం బయటపడదు. బొచ్చు పాయ తీసి చూస్తే ఎరుపు, పొక్కులు, పొట్టు ఉండవు. కంటికీ చెవికీ మధ్య కణత దగ్గర మాత్రం చాలా పిల్లులకు సహజంగానే పలచగా ఉంటుంది. అది జబ్బు కాదు.

పొరపాటు ఎక్కువగా జరిగేది ఇలాంటి చోట. ఏప్రిల్‌లో రెండేళ్ల నాటు పిల్లికి పొట్ట కింద, వెనక తొడల లోపల బొచ్చు పోయి గులాబీరంగు చర్మం కనిపిస్తోంది. ఎండాకాలం కదా, రాలి ఉంటుందనుకుంటారు ఇంట్లోవాళ్లు. కానీ ఆ బొచ్చు దానంతటది రాలలేదు, పిల్లే నాకి నాకి తెంపుకుంది. పిల్లి నాలుక మీద వెనక్కి వంగిన గట్టి ముళ్లుంటాయి, ఒకేచోట పదేపదే నాకితే వెంట్రుక మొదలు దాకా తెగిపోతుంది. మనం చూడని వేళల్లో నాకుతుంది కాబట్టి చాలామందికి ఆ సంగతే తెలియదు.

తేడా వేలికి తెలుస్తుంది. బోడిగా ఉన్నచోట ఎదురు దిశలో నిమిరితే తెగిన మొదళ్లు గరగరలాడతాయి. డాక్టరు నాలుగు వెంట్రుకలు పీకి మైక్రోస్కోపు కింద పెడితే ఇంకా స్పష్టమవుతుంది. దానంతటది రాలే వెంట్రుకకు కొస సన్నగా ఉంటుంది, నాకి తెంపినదానికి కొస విరిగి ఉంటుంది.

అలా నాకడానికి తరచూ కనిపించే కారణం ఫ్లీ, అంటే ఎగిరి దూకే చిన్న గోధుమరంగు పురుగు. దాని ఉమ్మి పడని పిల్లికి కొద్దిపాటి కాట్లే చాలు, విపరీతమైన దురద పుడుతుంది. పురుగు కనబడలేదు కదా అని కొట్టిపారేయవద్దు, నాకే పిల్లి వాటిని మింగేస్తుంది. నడుము కింద, తోక మొదట్లో సన్నని పళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి నలుసులను తడిపిన తెల్లకాగితం మీద వేయండి. చుట్టూ ఎర్రటి మరక పాకితే అది జీర్ణమైన రక్తం, అంటే ఫ్లీ మలం. మరక రాకపోయినంత మాత్రాన ఫ్లీ లేదని తేల్చడానికి వీల్లేదు.

మందు ఆ ఒక్క పిల్లికి వేస్తే చాలదు. ఇంట్లోని పిల్లులు, కుక్కలు అన్నింటికీ డాక్టరు చెప్పిన మందు నెలనెలా కనీసం మూడు నెలలు వేయాలి, పక్కబట్టలు వేడినీళ్లలో ఉతకాలి. గుడ్లు, గూడు కట్టుకున్న పిల్లపురుగులు పక్కల్లో, నేల సందుల్లో ఉండి తర్వాత బయటికొస్తాయి. కుక్కల కోసం అమ్మే పెర్మెత్రిన్ మందు మాత్రం పిల్లికి ఎన్నడూ వేయకండి. వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు.

ఫ్లీ మందు సరిగ్గా వాడినా నాకడం ఆగకపోతే తిండి పడకపోవడం, మూత్రాశయంలో నొప్పి వంటివి వెతకాలి. మనోవ్యథ అన్న నిర్ణయానికి ఇవన్నీ కాదని తేలాకే రావాలి. పదేళ్లు దాటిన పిల్లి బాగా తింటూనే చిక్కిపోతూ, బొచ్చు చెదిరి కనిపిస్తే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించాలి.

ముఖం, చెవులు, ముందుకాళ్ల మీద గుండ్రటి బోడి మచ్చలు పడి పొట్టు రేగుతుంటే తామర కావచ్చు. పిల్లికూనల్లో, పర్షియన్లలో ఎక్కువ. ఇది మనుషులకూ అంటుతుంది. దురద లేదు కదా అని ఆగకండి. పిల్లలను ఆ పిల్లిని ముట్టుకోనివ్వకుండా, వీలైనంత త్వరగా పశువైద్యుడికి చూపించండి.