విమానం నిండినా లాభం ఎందుకు మిగలదు?

2013 అక్టోబరులో ఎయిర్ కోస్టా విమానం మొదటిసారి ఎగిరినప్పుడు విజయవాడ జనం అది తమ ఊరి సంస్థ అని గర్వంగా చెప్పుకున్నారు. ఎంబ్రాయర్ కంపెనీ తయారుచేసిన చిన్న జెట్ విమానాలను అద్దెకు తెచ్చి, పెద్ద సంస్థలు అంతగా పట్టించుకోని ఊళ్లను కలపాలన్నది దాని ఆలోచన. 2017 ఫిబ్రవరి చివర్లో ఆ విమానాలు ఆగిపోయాయి, మళ్లీ లేవలేదు. హైదరాబాద్ కేంద్రంగా 2015లో మొదలైన ట్రూజెట్ 2022లో నిలిచిపోయింది. చిన్న సంస్థలు కాబట్టి తట్టుకోలేకపోయాయి అనుకుందామంటే, 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ కూడా అదే దారి పట్టాయి.

ఈ కాలంలో ప్రయాణికులేమీ తగ్గలేదు. 2013లో దేశం లోపల విమానం ఎక్కినవారు సుమారు 6 కోట్ల మంది. 2024లో ఆ సంఖ్య 16 కోట్లు దాటింది. ఎక్కేవాళ్లు ఇంతగా పెరిగిన వ్యాపారంలో నడిపేవాళ్లు ఎందుకు మునిగిపోయారు? ఎంబీఏ, సీఏ విద్యార్థులకు వ్యాపార వ్యూహం పేపర్లో వచ్చే ‘ఫలానా పరిశ్రమను పోర్టర్ ఐదు శక్తుల నమూనాతో విశ్లేషించండి’ అన్న ప్రశ్న నిజానికి అడిగేది ఇదే.

హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన మైకేల్ పోర్టర్ 1979లో ఒక వ్యాసంలో ఈ నమూనాను ముందుకు తెచ్చారు. ఒక పరిశ్రమలో పుట్టే లాభం ఎవరి జేబులోకి పోతుందో చూడమంటారాయన. ఎదుటి కంపెనీ ఒక్కటే పోటీదారు కాదు. సరుకు అమ్మేవాడు ధర పెంచి కొంత లాక్కుంటాడు, కొనేవాడు బేరమాడి కొంత తగ్గిస్తాడు. కొత్తగా వస్తాడేమో అన్న భయం ధరను పెరగనివ్వదు. అదే అవసరాన్ని మరోలా తీర్చే వస్తువు ఉంటే కొనేవాడు అటు జారుకుంటాడు. వీటికి తోటి కంపెనీల కొట్లాట కలిస్తే ఐదు శక్తులు. 2008లో పోర్టర్ తన వ్యాసాన్ని తిరగరాసినప్పుడు, ఐదు వైపుల నుంచీ ఒత్తిడి పడే పరిశ్రమకు ఉదాహరణగా చూపింది విమానయానాన్నే.

చాలా జవాబులు ఇక్కడే దారి తప్పుతాయి. విద్యార్థి ఐదు శీర్షికలు వరసగా రాసి, ఒక్కో దాని కింద పుస్తకంలోని నిర్వచనం దింపి, చివర కంపెనీ పేరు తగిలిస్తాడు. ‘సరఫరాదారుల బేరమాడే శక్తి అంటే ముడిసరుకు అందించేవారు ధరలు పెంచగల సామర్థ్యం. విమానయాన రంగంలో సరఫరాదారులు ముఖ్యమైనవారు’ అని రాసి ఊరుకుంటాడు. ఈ వాక్యాల్లో తప్పేమీ లేదు. కానీ విమానయానం తీసేసి సిమెంటు అని పెట్టినా అవి అలాగే నిలబడతాయి. అంటే విశ్లేషణ ఇంకా మొదలే కాలేదన్నమాట.

అదే చోట ఇలా రాస్తే సంగతి మారిపోతుంది: ‘సరఫరాదారుల శక్తి బాగా ఎక్కువ. పెద్ద ప్రయాణికుల విమానాలు కావాలంటే ప్రధానంగా ఎయిర్‌బస్, బోయింగ్ దగ్గరికే వెళ్లాలి. ఇంజిన్ల తయారీదారులూ కొద్దిమందే. ఒక రకం విమానానికి పైలట్లను, మెకానిక్‌లను తయారుచేసుకున్నాక మరో రకానికి మారడం ఖరీదైన పని. కాబట్టి ధర, గడువు విషయాల్లో విమాన సంస్థ మాట అంతగా చెల్లదు.’ మొదటి వాక్యంలోనే తీర్పు ఉంది. తర్వాత కారణం వచ్చింది. చివరి వాక్యం ఆ కారణాన్ని లాభానికి ముడిపెట్టింది. ఈ మూడూ ఉంటే నిర్వచనాన్ని విడిగా రాయాల్సిన పని పెద్దగా ఉండదు. విద్యార్థికి అది తెలుసని దిద్దేవారికి అర్థమైపోతుంది.

దీనికి ఒక ఉదాహరణ జోడిస్తే జవాబు ఇంకా గట్టిపడుతుంది. గో ఫస్ట్ 2023 మేలో దివాలా అర్జీ పెట్టుకుంటూ, ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్లు సమయానికి అందక విమానాలు నేల మీదే ఉండిపోయాయని చెప్పింది. నిలిచిపోయిన విమానం రూపాయి తేదు, దాని అద్దె మాత్రం నెలనెలా కట్టాల్సిందే. ఇంధనం సంగతీ ఇందులోకే వస్తుంది. విమాన సంస్థ ఖర్చుల్లో పెద్దది ఇంధనమే. అది జీఎస్టీలో లేదు, దాని మీద రాష్ట్రానికో తీరుగా వ్యాట్ ఉంటుంది. ముడిచమురు ధర పెరిగినప్పుడు విమాన సంస్థ చేయగలిగింది తక్కువ.

విద్యార్థులు ఎక్కువగా తికమకపడేది ప్రత్యామ్నాయాల దగ్గర. ‘ఇండిగోకు ప్రత్యామ్నాయం ఎయిర్ ఇండియా’ అని రాసేస్తారు. అది ప్రత్యామ్నాయం కాదు, తోటి పోటీదారు. ఆ అవసరాన్నే మరో దారిలో తీర్చేది ప్రత్యామ్నాయం. రైలు, బస్సు, సొంత కారు, కొన్నిసార్లు ఆఫీసు మీటింగ్ బదులు వీడియో కాల్ ఈ కోవలోకి వస్తాయి.

ఈ శక్తికి దేశం మొత్తానికి ఒకే తీర్పు ఇవ్వడం కుదరదు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేవారిని తీసుకోండి. రోడ్డు మీద దూరం 275 కిలోమీటర్లు, బస్సులో ఐదారు గంటల ప్రయాణం. విమానం గాల్లో ఉండేది గంట లోపే. కానీ ఊరి మధ్య నుంచి శంషాబాద్ చేరాలి, ముందుగా వెళ్లి తనిఖీలు దాటాలి, గన్నవరంలో దిగి మళ్లీ బెజవాడ ఊళ్లోకి రావాలి. అన్నీ కలిపితే మిగిలే సమయం కాస్తే. ఇక్కడ బస్సు బలమైన ప్రత్యామ్నాయం. విశాఖపట్నానికి 2023 జనవరిలో మొదలైన వందే భారత్ సుమారు 700 కిలోమీటర్లను ఎనిమిదిన్నర గంటల్లో దాటిస్తుంది. పగలంతా రైల్లో గడపడానికి ఇబ్బంది లేనివారికి అది చాలు, పొద్దునే వెళ్లి సాయంత్రం తిరిగి రావాల్సిన ఉద్యోగికి పనికిరాదు. ఇక ఢిల్లీకైతే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఒక పగలూ ఒక రాత్రీ తీసుకుంటుంది, విమానానికి రెండు గంటల పైచిలుకు. అక్కడ రైలు ఒత్తిడి తక్కువే. ‘తక్కువ దూరాల్లో ఎక్కువ, దూరం పెరిగేకొద్దీ తక్కువ’ అని రాసి ఒక్క మార్గాన్ని చూపిస్తే చాలు.

కొనేవారి గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఒక్కో ప్రయాణికుడు కంపెనీతో బేరమాడలేడు. కానీ ఫోన్లో అన్ని సంస్థల ధరలూ ఒకే చోట కనిపిస్తాయి, ఒకదాన్ని వదిలి ఇంకొకటి ఎంచుకుంటే అతనికి పోయేదేమీ లేదు. రెండు వందల రూపాయల తేడాకే మారిపోయే కొనుగోలుదారు విడిగా బలహీనుడైనా, అందరూ కలిస్తే ధరను కిందికి లాగుతారు.

కొత్తగా వచ్చేవారి విషయంలో ‘విమానాలకు కోట్లు కావాలి కాబట్టి ప్రవేశం కష్టం’ అన్నది అందరూ రాసే వాక్యం. అది సగమే నిజం. విమానాలు అద్దెకు దొరుకుతాయి. ఎయిర్ కోస్టా, ట్రూజెట్ వంటి చిన్న సంస్థలు రంగంలోకి రాగలిగాయంటే అందువల్లే. 2022 ఆగస్టులో ఆకాశ ఎయిర్ కూడా వచ్చింది. రావడం అనుకున్నంత కష్టం కాదు. ముంబయి, ఢిల్లీ వంటి చోట్ల మంచి వేళల్లో దిగడానికీ ఎగరడానికీ అనుమతి దొరకడం, ఖర్చును పంచుకునేంత పెద్ద విమానదళం పోగుచేయడం కష్టం. ప్రవేశాన్నీ నిలదొక్కుకోవడాన్నీ ఇలా విడదీసి చూపించే జవాబు కట్టలో అరుదుగా కనిపిస్తుంది, అందుకే దిద్దేవారి కన్ను దాని మీద ఆగుతుంది.

చివరిది తోటి సంస్థల పోటీ. విమానం తలుపు మూశాక ఖాళీగా మిగిలిన సీటుకు విలువ సున్నా. రేపటికి దాచుకుని అమ్మడానికి అదేమీ బియ్యం బస్తా కాదు. విమానం ఎలాగూ ఎగరాల్సిందే కాబట్టి ఇంకొక ప్రయాణికుడిని ఎక్కించుకోవడానికి అయ్యే అదనపు ఖర్చు చాలా తక్కువ. అందుకని సీటు ఖాళీగా పోయేకంటే ఎంతకో అంతకు అమ్మేద్దామని ప్రతి సంస్థకూ అనిపిస్తుంది. అందరూ అలాగే చేసినప్పుడు విమానాలు నిండుతాయి, టికెట్ డబ్బు మాత్రం ఖర్చులకు చాలదు. పైగా అద్దె ఒప్పందాలు, అప్పులు ఉన్నవాడు నష్టం వస్తున్నా వెంటనే తప్పుకోలేడు, తక్కువ ధరకైనా నడుపుతూనే ఉంటాడు. బలంగా ఉన్న సంస్థనూ అది కిందికి లాగుతుంది.

అయితే ఈ పేరా రాసేటప్పుడు సంవత్సరం చూసుకోవాలి. 2012 ప్రాంతంలో అరడజను సంస్థలు పోటీపడేవి, ఇండిగో వాటా దాదాపు నాలుగో వంతు. ఇప్పుడు దేశీయ ప్రయాణికుల్లో 60 శాతానికి పైగా ఇండిగోవారే. ఎయిర్ ఇండియాను 2022 జనవరిలో టాటాలు తీసుకున్నారు, 2024 నవంబరులో విస్తారా అందులో కలిసిపోయింది. ఈ రెండు గుంపులే మార్కెట్లో పదింట తొమ్మిది వంతుల దాకా పంచుకుంటున్నాయి. పాత గైడులోని ‘పోటీ అత్యంత తీవ్రం’ అన్న వాక్యాన్ని మార్చకుండా దింపితే అది నేటి పరిశ్రమ కాదు. ఎన్నో మార్గాల్లో ఒకటి రెండు సంస్థలే ఎగురుతున్నాయి, అక్కడ ధరల కొట్లాట సద్దుమణిగింది.

ఇక్కడే తెలివైన విద్యార్థికి ఒక అనుమానం రావాలి. పరిశ్రమ ఇంత కష్టమైనదైతే, ఇండిగో 2023–24లో 8,000 కోట్ల రూపాయలకు పైగా లాభం ఎలా చూపింది? ఐదు శక్తులు పరిశ్రమ సగటు వాతావరణాన్ని చెబుతాయి, అందులో ఒక సంస్థ ఎక్కడ నిలబడిందన్నది వేరే ప్రశ్న. ఇండిగో 2006లో ఎగరకముందే, 2005లోనే ఎయిర్‌బస్‌కు 100 విమానాలు ఆర్డరు ఇచ్చింది. 2023 జూన్‌లో ఒకేసారి 500 విమానాలకు ఆర్డరు పెట్టింది. అంత పెద్ద కొనుగోలుదారు ముందు విమానాల తయారీదారు కూడా కాస్త దిగిరావాల్సి వస్తుంది. ఎక్కువగా ఒకే రకం విమానాలు నడపడంతో శిక్షణ, విడిభాగాల ఖర్చు తగ్గింది. అంటే పరిశ్రమలో సరఫరాదారులు బలవంతులే, కానీ ఆ బలం అందరి మీదా ఒకే తీరుగా పడదు.

ప్రభుత్వాన్ని ఆరో శక్తిగా చేర్చేవారు కొందరున్నారు. పోర్టర్ దానికి ఒప్పుకోలేదు. పన్నులు, అనుమతుల నిబంధనలు ఈ ఐదింటిలో ఏదో ఒకదాన్ని బలపరిచో, బలహీనపరిచో లాభం మీద పనిచేస్తాయన్నది ఆయన వాదన. ఇంధనం మీద వ్యాట్‌ను సరఫరా ఖర్చు దగ్గర, విమానాశ్రయ వేళల కేటాయింపును కొత్తవారి ప్రవేశం దగ్గర చెబితే అవి ఇమిడిపోతాయి.

సమయం తక్కువగా ఉన్నప్పుడు ఐదింటికీ సమానంగా చోటు పంచాల్సిన పని లేదు. మొదటి రెండు పంక్తుల్లో హద్దు గీయాలి: ‘ఇక్కడ చర్చించేది భారతదేశంలో దేశీయ ప్రయాణికుల విమాన రవాణా. సరుకు రవాణా, విదేశీ మార్గాలు ఇందులో లేవు.’ ఆ హద్దు లేకపోతే పోటీదారు ఎవరో, ప్రత్యామ్నాయం ఏదో తేలదు. తర్వాత సరఫరాదారులకూ తోటి పోటీకీ సగం పేజీ చొప్పున, మిగతా మూడింటికీ నాలుగైదు పంక్తుల చొప్పున ఇవ్వవచ్చు. చివర్లో ఏ శక్తి లాభాన్ని ఎక్కువగా తినేస్తోందో తేల్చి చెప్పాలి. ఈ పరిశ్రమలో 2012 నాటికి అది తోటి సంస్థల ధరల పోరు. ఇప్పుడైతే ఇంజిన్, ఇంధనం, విమానం అమ్మేవాళ్లు.