నూజివీటి నామవిచారము: అనుమానమును గల్పనయు

నూజివీడను పట్టణనామమునకు ‘నువ్వుచేనివీడు’ మూలరూపమని యొక వ్యుత్పత్తి జనులలో వ్యాపించియున్నది. పూర్వమచ్చట నువ్వుచేలు విస్తారముగా నుండెడివనియు, వానింబట్టి యూరికీ పేరు వచ్చెననియుఁ జెప్పుదురు. ఈ పట్టణము 2022వ సంవత్సరమున కృష్ణామండలమునుండి యేలూరుమండలమునఁ జేరినది. నేఁడు చుట్టుపట్ల నెటుచూచినను మామిడితోఁటలే గాని నువ్వుచేలు పేరువడసినవి కావు. ఐనను నీవ్యుత్పత్తి పాఠశాలలలో బాలురకు నిశ్చితార్థముగాఁ జెప్పఁబడుచున్నది. ఇందెంతవఱకు అనుమానము, ఎచ్చటనుండి కల్పన యను సంగతిని విమర్శించుట యీవ్యాసముయొక్క యుద్దేశము.

మొదట నిశ్చయముగాఁ జెప్పఁదగిన భాగమును జూతము. ఉత్తరపదము ‘వీడు’ అనుటలో సందేహము లేదు. ‘నూజివీటిలో’, ‘నూజివీటికి’ అని యౌపవిభక్తికరూపము నేఁటికిని వాడుకలో నున్నది గదా. వీడు తెలుఁగునఁ బట్టణమునకును దండు విడిసిన చోటునకును వాచకము. ‘విడియు’, ‘విడిది’ యను మాటలు దీనికిఁ జుట్టములు. అఱవమున నీశబ్దమే యింటిని జెప్పును. కొండవీడు, అర్ధవీడు అను గ్రామనామములందును నిదే యుత్తరపదము. కావున నీపేరు జనుల నివాసమునుగాని విడిదినిగాని తెలుపు దేశ్యశబ్దముతో ముగియుచున్నదనియు, ‘నూజి’ దానికి విశేషణమనియుఁ జెప్పుట అనుమానము. దీనికి వ్యాప్తి కలదు, దృష్టాంతములు కలవు.

ఇఁక ‘నూజి’ యన నేమి? ఇచ్చటనే త్రోవ రెండుగాఁ జీలుచున్నది. కొండమీఁదఁ బొగ గనుపించినచో నగ్ని కలదని తార్కికుఁ డనుమానించును. ఆయగ్ని చింతకట్టెలదా తుమ్మకట్టెలదా యని యడిగినచోఁ బొగ యుత్తరము చెప్పదు. చెప్పితినని యెవ్వఁడైన నన్నచో నాయుత్తరము పొగనుండి పుట్టినది కాదు, వానినోటనుండి పుట్టినది.

నువ్వుచేను పక్షమును వ్యాకరణమార్గమున నడిపించి చూతము. ‘నువ్వు’ శబ్దము సమాసమున ‘నూ’ యగుట సంభవమే. నూనె యను మాటయందు నూవు నెయితోఁ గలిసి యట్లే యైనది. ఇంతవఱకుఁ బక్షము బలముగనే యున్నది. పిదప ‘చేను’ లోని చకారము జకారము కావలెను. ఊరక కలిపినచోఁ జకారము నిలిచియుండుటయే సహజము. నడుమ నుగాగమము వచ్చెనని చెప్పినచో సరళము సిద్ధించును. అదియు నొప్పుకొందము. అప్పుడు ‘నూఁజేనివీడు’ అను రూపము రావలెను. అందుండి ‘ని’ లోపింపవలెను, ‘జే’ హ్రస్వమై ‘జి’ కావలెను, అరసున్న మాసిపోవలెను. ఈ తుదిమార్పులలో నొక్కొక్కటి యెచ్చటనో యొకచోటఁ గనఁబడవచ్చును. కాని ‘చేనివీడు’ అనునది ‘జివీడు’గా మాఱిన వేఱొక గ్రామనామమైనను, నడుమనుండు ‘నూఁజేని’ రూపముగల యొక శాసనమైనను చూపినఁగాని యివి యన్నియు నీపేరునందే వరుసగా జరిగినవని చెప్పుటకు వీలులేదు. మార్పు సంభవించునని చూపుట వేఱు, సంభవించినదని చూపుట వేఱు.

ఈభేదము స్పష్టమగుటకై యింకొక వ్యుత్పత్తిని నేనే కల్పించి చూపెదను. ‘నూయి’ శబ్దమున కౌపవిభక్తికము ‘నూతి’. నూతివీడు, నూచివీడు, నూజివీడు. మంచి నూయి యున్న చోట దండు విడియుట సహజము గదా! రూపములు మూఁడే, నువ్వుచేనికన్న దారి దగ్గఱ, అర్థము వీడు శబ్దమునకుఁ జక్కఁగా నతుకును. పైఁగా నొక రాజును, ఆయన యేనుఁగులను, వేసవిలో నెండని బావిని జేర్చినచో వినువారు తలయూఁపుదురు. ఐనను నిది శుద్ధకల్పన. తకారము చకారమై పిదప జకారమగుటకు నాకడ విధియు లేదు, దృష్టాంతమును లేదు. నేను జూపిన నమ్మకమెల్ల నాకంఠస్వరములోనిదే. ఒకేసాక్ష్యమునుండి నువ్వుచేనును నూయియు సమానముగా వెలువడుచున్నచో, ఆసాక్ష్యము రెంటిలో దేనిని గూర్చియుఁ బలుకుట లేదన్నమాట. చదువరు లీపరీక్షను దమ గ్రామనామములపైఁ బెట్టి చూడవచ్చును: ఇయ్యుత్తరము తప్పై వేఱొకటి నిజమైయున్నచో నాచేతిలోని యాధార మించుకయైన మాఱియుండెడిదా?

యాస్కుఁడు నిరుక్తమున నక్షరసామ్యమునైనను బట్టి నిర్వచనము చేయవలెనే గాని చేయక మానరాదనెను. దీనిని గొందఱు తమ కల్పనలకుఁ గవచముగాఁ గొందురు. కాని యాయనకు మంత్రార్థము ముందే సన్నిహితమైయుండెను. నిర్వచన మాయర్థమున కనుగుణముగా నడిచెను. గ్రామనామమునం దర్థమే తెలియనిది. పాణినీయులలో నుణాదిశబ్దము లవ్యుత్పన్నప్రాతిపదికము లను పక్షమొకటి కలదు. ధాతుప్రత్యయవిభాగమునం దింత నేర్పుగలవారే యొకచో విభాగమును జేయక శబ్దమును శబ్దముగానే గ్రహించిరి. ‘నూజి’ని బ్రస్తుత మాకోవలో నుంచుట వ్యాకరణజ్ఞునకు నామర్ద కాదు.

నూజివీటి మామిడిపండ్ల పేర్లలోనే యీభేదమున కింకను జక్కని నిదర్శనము కలదు. తోతాపురి యను పేరునఁ జిలుక యున్నదని యూహింతుము. హిందూస్థానీలో తోతా యనఁగాఁ జిలుక. ఆకాయ కొన చిలుకముక్కువలె వంగియుండును. అఱవమున దీనిని కిళిమూక్కు అనియు, కన్నడమున గిణిమూతి యనియు వ్యవహరింతురు. రెంటను జిలుకయే కలదు. భాషలు మూఁడు, ఆకార మొకటి, నాలుగును నొకేవైపు చూపుచున్నవి. ఇది బలమైన యనుమానము. కాని ‘పురి’ యున్నది గావునఁ దోతాపురియను నగర మొకటి యుండెననియు, నచ్చటినుండి మొక్కను దెచ్చిరనియుఁ జెప్పినచో నప్పుడే గీఁత దాఁటితిమి. ఈకాయకే మనదేశమున ‘కలెక్టరు’ అని పేరు. ఒక కలెక్టరుతో సంబంధముండెనని తలంచుటకుఁ బేరు చాలును. ఏకలెక్టరు, ఏసంవత్సరము, తోఁట నాటించెనా, పండు మెచ్చెనా యనునవి పేరులో లేవు. బంగినపల్లి సంగతి వేఱు: బనగానపల్లె యను నూరు కన్నులయెదుట నున్నది.

కల్పన నిశ్చయముగా మాఱు తీరును గూడ గమనింపఁదగినది. మొదటి వక్త ‘నువ్వుచేలుండెనో యేమో’ యనును. రెండవవాఁడు ‘ఉండెనఁట’ యనును. మూఁడవవాఁడు వ్రాయునపుడు ‘అఁట’ను విడిచి ‘ఉండెను’ అని ముగించును. సాక్ష్య మిసుమంతయుఁ బెరుగలేదు. క్రియ తుద నున్న ముక్క మాత్రము రాలిపోయినది. మెకంజీ సేకరింపించిన కైఫీయతులవంటివానిలో నిట్టి గాథ కనఁబడినను, ఆకాలమున జనులట్లు చెప్పుకొనుచుండిరని మాత్రమే యది స్థాపించును.

కావున స్థలచరిత్ర వ్రాయు నుపాధ్యాయుఁ డీపేరును గూర్చి యిట్లు వ్రాసిన జాలును: ‘వీడు పట్టణార్థకమగు దేశ్యపదము. నూజి యనుదాని యర్థము నిర్ణయింపఁబడలేదు. నువ్వుచేనివలన వచ్చినదని స్థానికులందురు. ఆరూపముగల ప్రాచీనలేఖనము చూపఁబడలేదు.’ ఒక దానశాసనమునఁగాని పాత దండకవిలెలోఁగాని యీయూరిపేరు నేఁటికంటె దీర్ఘరూపమున దొరకెనేని, రెండవవాక్యమును గొట్టివేయుట కొక గీఁత చాలును.